వాయిదా, డిపాజిట్, లోపు: ఒక స్కాలర్‌షిప్ లేఖను తెలుగులోకి తెచ్చిన కేసు

ఇది 2025 సెప్టెంబరులో బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ కోర్సులో చేరిన ఒక విద్యార్థి కేసు. విద్యార్థి ఊరు, కోర్సు, యూనివర్సిటీ పేరు తీసేశాం. మొత్తాలను గుండ్రని అంకెలుగా మార్చాం. తేదీల మధ్య దూరాలను మాత్రం కదపలేదు, ఎందుకంటే కేసంతా వాటిమీదే నడిచింది.

నేపథ్యం

తెలంగాణలో ఒక వ్యవసాయ కుటుంబం. కొడుకు బీటెక్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాడు. ఇంగ్లిష్ చదవగలడు, కానీ ఇలాంటి లేఖల్లో రాసే ఇంగ్లిష్‌ను పట్టుబట్టి చదివిన అలవాటు లేదు. డబ్బు నిర్ణయాలు తండ్రివి. ఆయన తెలుగు మాత్రమే చదువుతారు. మమ్మల్ని తెలుగు కాపీ అడిగింది కూడా ఆయనే.

చేతికొచ్చిన కాగితాలు రెండు. ఒకటి షరతులతో కూడిన సీటు లేఖ. రెండోది, మే 2 తేదీ వేసి ఉన్న స్కాలర్‌షిప్ లేఖ. ఏడాది ఫీజు 16,500 పౌండ్లు, స్కాలర్‌షిప్ 4,000. సీటు నిలబడాలంటే డిగ్రీలో 60 శాతం మార్కులు చూపాలి, జూన్ 30 నాటికి 3,000 పౌండ్ల డిపాజిట్ కట్టాలి. స్కాలర్‌షిప్ నిలబడాలంటే లేఖ తేదీ నుంచి 14 రోజుల్లో ఒప్పుకుంటున్నట్టు ఫారం పంపాలి. కోర్సు సెప్టెంబరు 22న మొదలు, చేరడానికి ఆఖరి రోజు అక్టోబరు 3. ఈ రెండు కాగితాల్లోనూ లేని మూడో లెక్క వీసాది. దాని తేదీలు ఏ లేఖలోనూ ఉండవు, మనమే వేసుకోవాలి.

మొదటి అనువాదం ఎందుకు పనికిరాలేదు

మొదట నాలుగు పేజీల వాక్యానికి వాక్యం అనువాదం తయారైంది. తప్పులు లేవు. తండ్రి శ్రద్ధగా చదివి, అర్థమైందన్నారు. అక్కడితో ఆపేస్తే పని అయిపోయినట్టే ఉండేది. కానీ కాగితం పక్కన పెట్టించి "మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి" అని అడిగినప్పుడు నాలుగు చోట్ల ఆయన చెప్పింది లేఖకు పూర్తిగా ఎదురుగా ఉంది. తప్పు ఆయనది కాదు. ఆయనకు తెలిసిన తెలుగు మాటల్ని మేం తెలియని అర్థంలో వాడాం.

మొదటిది స్కాలర్‌షిప్ అనే మాటే. మన పల్లెల్లో స్కాలర్‌షిప్ అంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో పాటు బ్యాంకు ఖాతాలో పడే డబ్బు. "4,000 పౌండ్ల స్కాలర్‌షిప్ మంజూరైంది" అని చదివి, ఆ డబ్బు వస్తుంది, దాంతో డిపాజిట్ కట్టేయొచ్చు అనుకున్నారు. నిజానికి ఒక్క పౌండు కూడా చేతికి రాదు. ఫీజులో అంత తగ్గిస్తారు.

రెండోది డిపాజిట్. తెలుగులో డిపాజిట్ కడితే తిరిగొస్తుంది: గ్యాస్ కనెక్షన్‌కి కట్టినా, ఇల్లు అద్దెకు తీసుకున్నా. ఇక్కడ అది ఫీజులో ముందుగా కట్టే భాగం. వీసా తిరస్కరిస్తే తప్ప మనసు మార్చుకున్నంత మాత్రాన వెనక్కివ్వరని లేఖలోనే ఉంది. ఆయన మాత్రం "ఇష్టం లేకపోతే వెనక్కి తీసుకోవచ్చు కదా" అనే ధైర్యంతో ఉన్నారు.

మూడోది అన్నిటికంటే విచిత్రం. స్కాలర్‌షిప్ "నాన్ డిఫరబుల్" అన్నదాన్ని "వాయిదా వేయరాదు" అని రాశాం. నిఘంటువు ప్రకారం సరైన మాటే. కానీ వాయిదా అంటే పొడిగింపు మాత్రమే కాదు, విడతలుగా కట్టడం కూడా. ఆయన దాన్ని "ఫీజు వాయిదాల్లో కట్టకూడదు, అంతా ఒక్కసారే కట్టాలి" అని చదువుకున్నారు. అదే భయంతో ఎకరం పొలం బేరానికి పెట్టాలా అన్న మాట ఇంట్లో నడుస్తోంది.

నాలుగోదానికి డబ్బు రూపంలో మూల్యం చెల్లించాల్సి వచ్చేది. స్కాలర్‌షిప్ "సెల్ఫ్ ఫండెడ్" విద్యార్థులకే అని ఉంది. మేం "సొంత ఖర్చుతో చదివేవారికి" అన్నాం. ఆయన అర్థం చేసుకున్నది: బ్యాంకు లోను తీసుకుంటే స్కాలర్‌షిప్ పోతుంది. దాంతో విద్యా రుణం ఆలోచన వదిలేసి, బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి అడిగొచ్చారు. బ్రిటిష్ యూనివర్సిటీలు ఆ మాటను ప్రభుత్వమో కంపెనీయో ఫీజు మొత్తం కట్టే విద్యార్థులను వేరు చేయడానికి వాడతాయి. ఇంటి డబ్బయినా, విద్యార్థి పేరున తీసుకున్న లోనయినా సొంత ఖర్చు కిందికే వస్తుంది. అయినా ఊహ మీద వదలకుండా యూనివర్సిటీకి రెండు ప్రశ్నలతో మెయిల్ పెట్టించాం: బ్యాంకు లోను పరవాలేదా, చేరిన తర్వాత రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యానిధి వస్తే పరవాలేదా. రెండూ పరవాలేదని రాతపూర్వకంగా వచ్చింది. ఆ జవాబును లేఖతో పాటే ఫైల్లో పెట్టించాం.

విద్యానిధి గురించి ఇక్కడే ఒక మాట. రాష్ట్ర పథకం కింద 20 లక్షల వరకు వస్తుంది. కానీ మొదటి విడత విద్యార్థి అక్కడికి చేరినట్టు రుజువు చూపాకే, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత. కనుక దాన్ని డిపాజిట్ లెక్కలోకీ వీసా లెక్కలోకీ తీసుకోలేదు. ఎంపికైతే తర్వాత లోను తీర్చడానికి పనికొస్తుంది, అంతే.

రెండో ప్రయత్నం: తేదీల పట్టిక

అనువాదం పక్కన పెట్టి ఒక పేజీలో తేదీలు మాత్రం రాసి ఇచ్చాం. మే 16 లోపు అంగీకార ఫారం, జూన్ 30 లోపు డిపాజిట్, జూలై 31 లోపు మార్కుల మెమో. ఇది కూడా చాలలేదు. మూడు కారణాలు.

"లోపు" అంటే ఆ రోజు కలుస్తుందా, కలవదా? అడిగితే ఇంట్లో ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు. "వరకు" అయినా అంతే. ఆ గడువు ఎవరి గడియారం ప్రకారమో కూడా పేజీలో లేదు. డిపాజిట్‌కు జూన్ 30 సాయంత్రం 5 గంటలు అని లేఖలో ఉంది, అది బ్రిటన్ సమయం. ఎండాకాలం అక్కడికీ మనకీ నాలుగున్నర గంటల తేడా, కాబట్టి మనకు రాత్రి 9:30.

రెండో కారణం పెద్దది. ఆ తేదీలన్నీ పని పూర్తి కావాల్సిన తేదీలే. పని మొదలుపెట్టాల్సిన తేదీలు లేవు. డిపాజిట్ విషయంలో లేఖ అడిగింది "పంపడం" కాదు, "డబ్బు మా ఖాతాలో జమ కావడం". విదేశాలకు పంపే డబ్బు మామూలుగా ఒకటి నుంచి ఐదు పనిదినాలు తీసుకుంటుంది. 2025 జూన్ 30 సోమవారం. దానికి ముందు ఆదివారం ఎటూ సెలవు. శనివారం 28వ తేదీ నాలుగో శనివారం, మన బ్యాంకులకు సెలవు. అంటే "జూన్ 30 లోపు" అని చదివి శుక్రవారం సాయంత్రం బ్యాంకుకు వెళ్లినవాడి గడువు అప్పటికే అయిపోయినట్టే.

మూడోది, పట్టికలో "ఎవరు" అన్నది లేదు. అంగీకార ఫారం నాన్న సంతకం కోసం ఆగిందని కొడుకు అనుకుంటే, కొడుకు ఆన్‌లైన్‌లో పంపేశాడని తండ్రి అనుకున్నారు. లేఖ తేదీ మే 2, వాళ్లు మెయిల్ తెరిచింది మే 6. 14 రోజులు తెరిచిన నాటి నుంచి కాదు, లేఖ తేదీ నుంచి. ఇద్దరూ మే 20 అనుకుంటూ ఉన్నారు. మేం చూసిన రోజు మే 12. ఆ సాయంత్రమే ఫారం పంపించాం.

పనికొచ్చిన పద్ధతి

మూడోసారి ప్రతి షరతునూ ఒకే అచ్చులో పోశాం: ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఏ రోజు మొదలుపెట్టాలి, ఎప్పుడు దాటితే చెల్లదు, దాటితే ఏం పోతుంది. చివర్లో అసలు లేఖలో ఆ షరతు ఉన్న పేజీ, పేరా నంబరు. "చేయబడును", "పరిగణించబడదు" లాంటి క్రియలన్నీ తీసేశాం, ఎందుకంటే వాటిలో పని చేసేవాడు కనబడడు. "రద్దు చేయవచ్చు" అన్నదీ తీసేశాం. తెలుగులో "చేయవచ్చు" వింటే చేస్తారో చేయరో అనిపిస్తుంది, లేఖలో దాని ఉద్దేశం మళ్లీ చెప్పకుండానే రద్దు చేసే హక్కు వాళ్లకుందని. తయారైన కాపీలో కొన్ని వాక్యాలు ఇవి:

- "యూనివర్సిటీ మీ ఫీజులో 4,000 పౌండ్లు తగ్గిస్తుంది. ఈ డబ్బు మీ చేతికీ ఖాతాకూ రాదు."
- "అబ్బాయి ఈ సెప్టెంబరులోనే చేరాలి. జనవరికో వచ్చే ఏడాదికో మార్చుకుంటే సీటు దొరికినా స్కాలర్‌షిప్ పోతుంది. ఫీజు విడతలుగా కట్టడానికీ దీనికీ సంబంధం లేదు."
- "నాన్న జూన్ 19 గురువారం బ్యాంకుకు వెళ్లి 3,000 పౌండ్లు పంపాలి. జూన్ 30 సోమవారం మన టైం రాత్రి 9:30కి అది వాళ్ల ఖాతాలో పడి ఉండాలి. పడకపోతే సీటు పోవచ్చు, సీటు పోతే స్కాలర్‌షిప్ కూడా పోయినట్టే. ఈ డబ్బు ఫీజులో భాగం, డిపాజిట్ అన్నా తిరిగి రాదు."

జూన్ 19 ఎందుకంటే గడువుకు ముందు ఏడు పనిదినాలు మిగులుతాయి. ఐదు రోజులు డబ్బు చేరడానికి, రెండు రోజులు తప్పు జరిగితే దిద్దుకోవడానికి. తప్పు జరిగింది కూడా. బ్యాంకులో విదేశాలకు డబ్బు పంపడానికి నింపే ఏ2 ఫారం, పాన్ అన్నీ సరిగ్గానే ఇచ్చారు. కానీ ఛార్జీల గడిలో OUR బదులు SHA ఎంచారు. OUR అయితే ఛార్జీలన్నీ పంపేవాడే విడిగా కడతాడు. SHA అయితే మధ్యలో డబ్బు చేరవేసే బ్యాంకు తన రుసుము పంపిన మొత్తంలోంచే కోసుకుంటుంది. యూనివర్సిటీకి చేరింది 2,982. వాళ్ల సిస్టమ్‌లో షరతు "పూర్తి కాలేదు" అనే కనబడింది. 24న అది చూసి, మిగతా 18 పౌండ్లు కార్డుతో కట్టించాం. చివరి శుక్రవారం పంపి ఉంటే ఈ 18 పౌండ్ల సంగతి తెలిసేసరికే గడువు దాటేది.

మార్కుల మెమో గడువు ఇబ్బంది పెట్టలేదు. ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఆలస్యమైతే మెమో ముందు పంపి అది తర్వాత పంపొచ్చా అని జూన్‌లోనే అడిగి పెట్టుకున్నాం, సరేనన్నారు. ఒక హెచ్చరిక మాత్రం: సీజీపీఏను పదితో గుణించి శాతం చెప్పుకోకూడదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ సూత్రంలో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. 6.4 వచ్చినవాడికి 64 కాదు, 59 శాతం. ఈ విద్యార్థికి 6.9 ఉంది కనుక గట్టెక్కాడు.

28 రోజుల లెక్క

వీసాకు చూపాల్సిన డబ్బు లెక్క స్కాలర్‌షిప్‌తో ముడిపడి ఉంటుంది. వీసా దరఖాస్తు కోసం యూనివర్సిటీ ఇచ్చే క్యాస్ అనే పత్రంలో మూడు అంకెలుంటాయి: మొత్తం ఫీజు, తగ్గింపు, ఇప్పటికే కట్టింది. 16,500లోంచి 4,000, 3,000 పోతే మిగిలేది 9,500. దానికి జీవన ఖర్చు కలపాలి. లండన్ బయట అప్పటి రేటు నెలకు 1,136 పౌండ్లు, గరిష్ఠంగా తొమ్మిది నెలలకు 10,224. మొత్తం 19,724. అప్పటి మారకం ప్రకారం సుమారు 23 లక్షల రూపాయలు. (ఈ నెలవారీ రేటు ఆ తర్వాత పెరిగింది, కొత్తగా వెళ్లేవారు ఈ అంకె వాడకూడదు.)

ఇందులో 15 లక్షలకు విద్యార్థి పేరున బ్యాంకు విద్యా రుణం మంజూరు లేఖ వచ్చింది. దరఖాస్తు నాటికి ఆరు నెలలు దాటని లేఖ అయితే, లోను భాగానికి 28 రోజుల నిబంధన వర్తించదు. మిగతా 8 లక్షల పైచిలుకుకు వర్తిస్తుంది: వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఒక్క రోజు కూడా తగ్గకూడదు, ఆ 28వ రోజుకూ దరఖాస్తు రోజుకూ మధ్య 31 రోజులు మించకూడదు. పొలం విలువ, బంగారం విలువ ఇక్కడ చెల్లవు. బంగారం కుదువ పెట్టి తెచ్చిన డబ్బు ఖాతాలో ఉంటే చెల్లుతుంది.

తేదీలు వెనక నుంచి లెక్కించాం. కోర్సు సెప్టెంబరు 22. వేలిముద్రలిచ్చాక సాధారణ నిర్ణయానికి మూడు వారాలు. ఆగస్టు 18 నాటికి వేలిముద్రలైతే సెప్టెంబరు 8కి పాస్‌పోర్టు వస్తుంది, టికెట్‌కు రెండు వారాలు మిగులుతాయి. అంటే దరఖాస్తు ఆగస్టు 11. దానికి ముందు 28 రోజులు: జూలై 14 నుంచి ఆగస్టు 10. జూలై 14 ఉదయానికి డబ్బు ఖాతాలో ఉండాలి. లేఖల్లో ఎక్కడా లేని ఈ తేదీయే ఈ కేసులో అసలైన గడువు. క్షయ పరీక్ష సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది కనుక దాన్ని జూలైలో హైదరాబాద్‌లో చేయించేశాం.

డబ్బు ఎవరి ఖాతాలో? మొదట తండ్రి ఖాతా అనుకున్నాం. రెండు కారణాలతో మార్చాం. తల్లిదండ్రుల డబ్బు చూపితే బంధుత్వానికి జనన ధ్రువీకరణ పత్రం, సమ్మతి లేఖ కావాలి. పదో తరగతి మెమో దానికి సరిపోదు. జనన పత్రంలో తండ్రి పేరు ఇంట్లో పిలిచే పేరుగా పడి ఉంది, పాస్‌బుక్‌లో ఇంకోటి. దిద్దించేందుకు ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేం. రెండోది, ఆ 28 రోజులు సరిగ్గా నాట్ల కాలం. ఎరువులకూ కూలీలకూ అదే ఖాతాలోంచి తీస్తారు, పైగా బీమా ప్రీమియం కూడా దానంతటదే కోసుకుంటుంది. అందుకే కొడుకు పేరున కొత్త ఖాతా తెరిపించి 9 లక్షలు వేయించాం. పౌండు పెరిగితే అడ్డుపడకుండా మిగతాది దన్ను. ఆ ఖాతాకు యూపీఐ కలపొద్దన్నాం. కాపీలో ఆ వాక్యం ఇలా ఉంది: "జూలై 14 నుంచి ఆగస్టు 11న దరఖాస్తు పంపేదాకా ఈ ఖాతాలోంచి రూపాయి కూడా తీయొద్దు. తీసి మర్నాడు వేసినా లెక్క మొదటికొస్తుంది." నిజానికి చూపాల్సిన మొత్తం కంటే పైనున్న డబ్బు తీయొచ్చు. కానీ ఇంట్లో పెట్టుకునే కాగితంలో మినహాయింపు రాస్తే ఎవరో ఒకరు దాన్నే వాడతారు.

క్యాస్ ముసాయిదాలో పొరపాటు

ఆగస్టు 5న క్యాస్ ముసాయిదా వచ్చింది. ఫీజు 16,500, కట్టింది 3,000, తగ్గింపు గడి ఖాళీ. స్కాలర్‌షిప్ అంగీకారం మే 12నే వెళ్లింది, రసీదు మెయిల్ ఉంది. అయినా సీటు చూసే విభాగానికి ఆ సంగతి చేరలేదు. యూనివర్సిటీ పేరున వచ్చిన పత్రం కదా అని విద్యార్థి "సరే" నొక్కబోయాడు. కాపీలో "క్యాస్ వస్తే 16,500, 4,000, 3,000, 9,500 ఈ నాలుగూ కనబడాలి, కనబడకపోతే ఒప్పుకోవద్దు" అని ఉండడంతో ఆగాడు.

ఒప్పుకుని ఉంటే చూపాల్సిన డబ్బు 23,724 పౌండ్లయ్యేది. అంటే నాలుగున్నర లక్షలకు పైగా ఎక్కువ. అది ఆగస్టు 6న వేసినా 28 రోజులు సెప్టెంబరు 2కి గానీ పూర్తికావు. దరఖాస్తు సెప్టెంబరు 3, వేలిముద్రల తర్వాత మూడు వారాలంటే క్లాసులు మొదలైపోతాయి, అక్టోబరు 3 అంచున నిలబడాల్సి వచ్చేది. చేరలేకపోతే సీటు వచ్చే ఏడాదికి మారొచ్చు గానీ స్కాలర్‌షిప్ మారదు. రసీదు మెయిల్ జతచేసి రాస్తే రెండు రోజుల్లో సరిదిద్దారు. 11న దరఖాస్తు వెళ్లింది.

ఈ కేసు తర్వాత మారినవి

ఇప్పుడు ముందు అనువాదం చేయం. విద్యార్థిని కూర్చోబెట్టి లేఖలో తేదీ, మొత్తం, "అయితే", "లేకపోతే" ఉన్న వాక్యాల కింద గీతలు గీయిస్తాం. వాటినే అచ్చులో పోస్తాం. మిగతా పొగడ్తలూ స్వాగతాలూ తెలుగులోకి తేవడం లేదు. నాలుగు పేజీలు ఇస్తే షరతులు వాటిలో మునిగిపోతాయి. కాపీ పైన "ఇది అర్థం కావడానికే, చెల్లేది ఇంగ్లిష్ లేఖే" అని రాస్తాం. ఇంటి పెద్దతో తిరిగి చెప్పించడం మాత్రం తప్పనిసరి. వాయిదా, డిపాజిట్ సంగతులు బయటపడింది అక్కడే. నిఘంటువు ఎంత తిరగేసినా అవి దొరకవు.

కాపీలో ఒక లోపం చేరాక తేలింది. రెండో విడత ఫీజు గడువు జనవరి 31 సాయంత్రం 5 గంటలు. పాత లెక్కతోనే మన టైం రాత్రి 9:30 అని రాశాం. అక్టోబరు చివరి ఆదివారం బ్రిటన్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, కనుక అది మనకు 10:30. ఈసారి పొరపాటు మనకు గంట ఎక్కువే ఇచ్చింది. అయినా ఇంట్లో గోడకు అంటించిన కాగితం తీయించి కొత్తది పెట్టించాం, జనవరి 31 శనివారమని, అక్కడి బ్యాంకులు పనిచేసే ఆఖరి రోజు 30వ తేదీ శుక్రవారమని రాసి.